ప్రీఫైనల్ పేపర్లు దిద్దే క్యాంప్: రోజుకు 40 పెడితే గొడవ, తగ్గిస్తే ఆలస్యం. కట్టలు ఎలా పంచాలి?

నాచారం_సోషల్
మా మేనేజ్‌మెంట్‌కి సిటీలో ఐదు బ్రాంచీలు. ఈసారి టెన్త్ ప్రీఫైనల్ పేపర్లు ఏ బ్రాంచీవి ఆ బ్రాంచీలో దిద్దకుండా, అన్నీ ఒకచోట పెట్టి స్పాట్ వాల్యుయేషన్ లాగా దిద్దించమన్నారు. సోషల్ బాధ్యత నా నెత్తిన పడింది. నేను పేపర్లు దిద్దను, చూసుకోవడమే.

పోయినేడు ఇదే పని ఇంకొక సార్ చేశారు. తలకు రోజుకు 40 అన్నారు. కట్టలు టేబుల్ మీద పెట్టి "తీసుకోండి" అన్నారు. సన్నటి కట్టలు చూసి ఏరుకున్నవాళ్లు రెండింటికే బ్యాగ్ సర్దుకున్నారు. ఉప్పల్ బ్రాంచ్ కట్టలు దొరికినవాళ్లు ఏడు దాకా కూర్చున్నారు. ఆ పిల్లలు అడిషనల్ షీట్లు గుట్టలు గుట్టలుగా రాస్తారు. చివరి రోజు ఇద్దరు మేడమ్‌లు మాట్లాడుకోవడం మానేశారు, ఇప్పటికీ మాట్లాడుకోవడం లేదు.

ఈసారి లెక్క ఇది. మొత్తం 720 పేపర్లు. ఉప్పల్ 210, నాచారం 180, మల్కాజ్‌గిరి 150, కూకట్‌పల్లి 120, మెహిదీపట్నం 60. దిద్దేవాళ్లు ఆరుగురు: ఉప్పల్ నుంచి ఇద్దరు, మిగతా నాలుగు బ్రాంచీల నుంచి ఒక్కొక్కరు. క్యాంప్ ఉప్పల్‌లో. తొమ్మిదిన్నర నుంచి ఐదు వరకు. 40 చొప్పున ఆరుగురు మూడు రోజుల్లో అయిపోగొడతారని నా లెక్క. మేనేజ్‌మెంట్ నాలుగు రోజులు ఇచ్చింది. నాలుగో రోజు మార్కులు ఎక్కించడానికి వాడుకుందామనుకుంటున్నా. ఏమైనా తప్పుందా?

ఎర్రపెన్ను
తప్పేం లేదు. ప్రభుత్వ స్పాట్‌లో కూడా పొద్దున 20, మధ్యాహ్నం 20. అక్కడ జరిగేది ఇక్కడెందుకు జరగదు?

జేఎల్_ఎకనామిక్స్
ఇంటర్‌లో మాకు 15 ప్లస్ 15, రోజుకు 30. ఎన్నో ఏళ్లుగా చూస్తున్నా. కట్టల గొడవకి మందు ఒక్కటే, లాటరీ. చీటీలు వెయ్యండి. ఏ కట్ట వస్తే అది. నోరెత్తే అవకాశమే ఉండదు.

అర్ధమార్కు_అమ్మ
మా బాబుకి పోయిన ప్రీఫైనల్‌లో సోషల్‌లో 51 వేశారు, వాడు 60 రావాలంటున్నాడు. రీకౌంటింగ్‌కి ఎక్కడ అప్లై చెయ్యాలి?

తార్నాక_తెలుగు
అమ్మా, ఇది దిద్దేవాళ్ల బాధల గది. మీ బాధ పక్క గదిలో.

రిటైర్డ్_హెచ్ఎం
నేను సోషల్ స్పాట్‌లో చాలా ఏళ్లు దిద్దాను, తర్వాత చీఫ్ ఎగ్జామినర్‌గా చేశాను. 40 పెట్టేముందు గడియారం ముందు పెట్టుకొని లెక్క చూడండి.

తొమ్మిదిన్నర నుంచి ఐదు దాకా 450 నిమిషాలు. భోజనానికి 45, రెండు టీలకు 30 తీసేయండి. 375 మిగిలాయి. కట్ట తీసుకొని, పేపర్లు లెక్కబెట్టి, సంతకం పెట్టి, దిద్దాక మార్కుల షీట్ నింపి, మళ్లీ లెక్కబెట్టి అప్పగించడానికి కట్టకు 20 నిమిషాలు పడుతుంది. రెండు కట్టలకు 40. ఇక 335. దాన్ని 40తో భాగిస్తే పేపర్‌కి ఎనిమిది నిమిషాలు కన్నా కాస్త ఎక్కువ. అందులోనే దిద్దాలి, మొదటి పేజీ మీద ప్రశ్నవారీగా మార్కులు ఎక్కించాలి, కూడాలి. మధ్యలో "ఈ జవాబుకు మార్కులివ్వాలా" అని ఒక్కసారి లేచి అడిగితే ఆ పేపర్ సమయం అయిపోయినట్టే.

రాసింది తక్కువైతే ఎనిమిది నిమిషాలు చాలు. మీరు చెప్పిన ఉప్పల్ పేపర్లకు చాలదు. అందుకే పోయినేడు ఏడయింది. మేడమ్‌ల తప్పు కాదది.

ఇంకొకటి. మీ లెక్కలో 40ని ఆరుతో, మూడుతో హెచ్చిస్తే సరిగ్గా 720. ఒక్క పేపర్ కూడా జాగా లేదు. ఒక్కరు ఒక్కరోజు జ్వరమని రాకపోతే ఆ 40 ఎవరి నెత్తిన వేస్తారు?

నాచారం_సోషల్
నాలుగో రోజు ఉంది కదా సార్.

రిటైర్డ్_హెచ్ఎం
ఉంది. కానీ దాన్ని మార్కులు ఎక్కించడానికి ఇచ్చేశారు. పైగా మొదటి రోజు పొద్దున మొత్తం కీ చర్చకే పోతుంది, అది మీ లెక్కలో అసలు లేదు. సోషల్‌లో మరీ ఎక్కువ. "గ్రామీణ పేదరికానికి కారణాలు" అంటే పిల్లలు వాళ్ల ఊరి సంగతి రాస్తారు. పాఠంలో లేదని కొట్టేయాలా, సొంతంగా ఆలోచించాడని ఇవ్వాలా? ఇది ముందే తేల్చకపోతే ఆరుగురు ఆరు రకాలుగా దిద్దుతారు.

బీఈడీ_ఫ్రెషర్
ఆరు రకాలు అంటే ఎంత తేడా వస్తుంది సార్ నిజంగా? ఒకటి రెండు మార్కులేగా?

రిటైర్డ్_హెచ్ఎం
ఒకసారి చిన్న ప్రయోగం చేశాం. ఒకే పేపర్ జిరాక్స్ తీసి అందరికీ ఇచ్చాం, ఎవరికి వారు దిద్దారు. 80కి ఒకరు 41 వేశారు, ఒకరు 52. ఇద్దరూ సీనియర్లే. ఇద్దరూ తమదే కరెక్ట్ అని వాదించారు కూడా. తేడా ఎక్కడొచ్చిందో చూస్తే రెండు పెద్ద ప్రశ్నల్లోనే దాదాపు అంతా. ఒకరు పాయింట్‌కి ఇంత అని వేశారు, ఇంకొకరు పేరా చదివి మొత్తంగా వేశారు. అప్పటి నుంచి నేను చూసిన ప్రతి క్యాంప్‌లో మొదటి రోజు మూడు పేపర్లు జిరాక్స్ తీసి అందరితో దిద్దిస్తాను. ఒకటి బాగా రాసింది, ఒకటి మధ్యరకం, ఒకటి పాస్ గీత దగ్గరది. ఆ మూడింటి మీద కొట్లాట అయిపోతే తర్వాత కొట్లాట ఉండదు.

తార్నాక_తెలుగు
తెలుగులో ఇంకా ఘోరం. ప్రతిపదార్థంలో ఒక్క పదానికి అర మార్కు కోసం ఇద్దరు పంతుళ్లు గంట వాదించుకోవడం కళ్లారా చూశాను. గెలిచినాయన పేరు ఇప్పటికీ "అరమార్కు"నే.

ఎర్రపెన్ను
హెచ్ఎం గారూ, మీరు చెప్పినట్టు పెడితే వేగంగా దిద్దేవాళ్లకు అన్యాయం. నేను నిజాయితీగా ఆరు నిమిషాల్లో ఒక పేపర్ దిద్దగలను. ఇరవై ఏళ్ల చెయ్యి ఇది. నా 40 మూడింటికి అయిపోతాయి. అయ్యాక కూడా కూర్చోబెడితే అది శిక్ష కాదా?

రిటైర్డ్_హెచ్ఎం
మీ చెయ్యి మీద నాకు అనుమానం లేదు. కానీ మీ పక్కనున్న చెయ్యి కూడా మీలాగే మూడింటికి లేచి వెళ్తుంది. ఆ చెయ్యి ఎలా దిద్దిందో నాకు తెలియదు. కట్ట 70 నిమిషాల్లో తిరిగొస్తే పేపర్‌కి నాలుగు నిమిషాలు కూడా పడలేదన్నమాట. ఆ కట్ట విప్పి చూస్తే ఏం కనబడుతుందో చెప్పనా? అడిషనల్ షీట్ వెనక పేజీలో ఉన్న జవాబు మీద ఎర్ర గీతే ఉండదు. మ్యాప్ షీట్ దారం కట్టినట్టే ఉంటుంది, మార్కు ఉండదు.

అందుకే రెండో కట్ట భోజనం తర్వాతే ఇవ్వాలి, ముందు ఎంత బతిమాలినా ఇవ్వకూడదు. అప్పుడు పొద్దున పరుగెత్తి లాభం ఉండదు. పరుగు దానంతటదే తగ్గుతుంది.

ఎర్రపెన్ను
నాలాంటివాడు పన్నెండింటికి కట్ట ఇచ్చేసి ఒంటిగంటన్నర దాకా ఖాళీగా కూర్చోవాలి. బాగుంది.

తార్నాక_తెలుగు
ఖాళీగా ఎందుకు, బయటికెళ్లి ఒక ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. మాకు తెస్తే పుణ్యం.

చార్మినార్_సైన్స్
చాయ్ అంటే గుర్తొచ్చింది, టేబుల్ దగ్గరికి టీ తేనివ్వకండి. మా దగ్గర ఒక పేపర్ మీద కప్పు మరక గుండ్రంగా పడింది. తర్వాత చెక్ చేసినావిడ అది సున్నా అనుకొని ఆ ప్రశ్నకు సున్నా ఎక్కించింది. టోటలింగ్‌లో పట్టుబడింది కాబట్టి సరిపోయింది. బ్రేక్ అంటే అందరూ పెన్ను పెట్టి గది బయటికి రావాలి.

జేఎల్_ఎకనామిక్స్
లాటరీ గురించి ఎవరూ మాట్లాడటం లేదేంటి?

రిటైర్డ్_హెచ్ఎం
లాటరీతో నోరు మూస్తారు, బరువు మాత్రం సమానం కాదు. ఒక్కొక్కరు తీసేది ఆరేడు చీటీలు. అందులో ఎవరికో ఐదు ఉప్పల్ కట్టలు రావచ్చు. అప్పుడు ఆవిడ తిట్టేది మిమ్మల్ని కాదు, తన తలరాతని. ఏడింటి దాకా కూర్చోవడం మాత్రం తప్పదు. ఏరుకోవడం కన్నా లాటరీ నయం, అంతవరకు మీరు చెప్పింది నిజం. కానీ చీటీ వేసేముందే కట్టలన్నీ ఒకే బరువులో ఉండాలి. ఆ పని కట్ట కట్టేటప్పుడు చెయ్యాలి, పంచేటప్పుడు కాదు.

ఎక్సెల్_ఎల్లయ్య
అంటే ఐదు బ్రాంచీల పేపర్లు పేక ముక్కల్లా కలిపేసి కట్టలు కట్టడమే కదా. ప్రతి కట్టలో అన్నీ ఉంటాయి, బరువు సమానం.

నాచారం_సోషల్
అక్కడే చిక్కు ఎల్లయ్యా. సొంత బ్రాంచ్ పేపర్ దిద్దకూడదని మేనేజ్‌మెంట్ గట్టిగా చెప్పింది. అన్నీ కలిపితే ప్రతి కట్టలో ప్రతి టీచర్ పిల్లలూ ఉంటారు. కోడ్ నంబర్ వేసినా లాభం లేదు, చేతిరాత చూడగానే "అరె మా సాయిగాడు" అని పట్టేస్తారు.

బీఈడీ_ఫ్రెషర్
కొందరు పైన ఓం, శ్రీరామ, 786, సిలువ గుర్తు వేస్తారు. అది చూసి కూడా తెలిసిపోతుంది.

తార్నాక_తెలుగు
చేతిరాత కూడా అక్కర్లేదు. నేను చెప్పిన తప్పునే రాస్తే అది నా క్లాసే అని తెలిసిపోతుంది.

ఎక్సెల్_ఎల్లయ్య
ఒక్క పది నిమిషాలు ఆగండి. లెక్క కుదిరేలా ఉంది.

ఎక్సెల్_ఎల్లయ్య
కుదిరింది. చూడండి.

ఐదు బ్రాంచీలను రెండు గుంపులు చెయ్యండి. ఉప్పల్ 210, మల్కాజ్‌గిరి 150 కలిపితే 360. నాచారం 180, కూకట్‌పల్లి 120, మెహిదీపట్నం 60 కలిపితే అదీ 360. సరిగ్గా సగం సగం. టీచర్లు కూడా అలాగే విడిపోతారు: ఉప్పల్ ఇద్దరు, మల్కాజ్‌గిరి ఒకరు, మొత్తం ముగ్గురు. అటు మూడు బ్రాంచీల నుంచి ముగ్గురు. ఈ ముగ్గురూ ఆ గుంపు పేపర్లు, ఆ ముగ్గురూ ఈ గుంపు పేపర్లు. సొంత పేపర్ ఎవరి చేతికీ రాదు.

గుంపు లోపల మాత్రం కలపాలి. కట్టకు 20 కాకుండా 18 పెట్టండి, గుంపుకు 20 కట్టలు వస్తాయి. ఉప్పల్-మల్కాజ్‌గిరి గుంపులో పది కట్టల్లో 10 ఉప్పల్, 8 మల్కాజ్‌గిరి. మిగతా పదింటిలో 11, 7. అటువైపు ఇంకా సులువు, ప్రతి కట్టలో 9 నాచారం, 6 కూకట్‌పల్లి, 3 మెహిదీపట్నం. ఇప్పుడు చీటీలు వేసుకోండి, ఎవరికి ఏది వచ్చినా ఒకటే.

నాచారం_సోషల్
ఎల్లయ్యా నీకు ఉస్మానియా బిస్కెట్లు నా తరఫున.

రిటైర్డ్_హెచ్ఎం
శభాష్. 18 ఎంచుకోవడం ఇంకో రకంగా కూడా బాగుంది. రోజుకు రెండు కట్టలంటే 36. పైన చెప్పిన 335 నిమిషాల్లో పేపర్‌కి తొమ్మిది నిమిషాలు దాటి దొరుకుతుంది. ఇక నాలుగు రోజులు ఇలా వాడండి. మొదటి రోజు పొద్దున కీ, మూడు జిరాక్స్ పేపర్లు. మధ్యాహ్నం ఒక్క కట్ట. తర్వాత మూడు రోజులూ రెండేసి. తలకు ఏడు కట్టలు, ఆరుగురికి 42. మీ దగ్గరున్నవి 40. రెండు కట్టల జాగా మిగిలింది.

ఎంతో ఉందనుకోకండి. రెండు గుంపులు కాబట్టి అటు ఒక కట్ట, ఇటు ఒక కట్టే. ఒకరు ఒక పూట రాకపోయినా గట్టెక్కుతారు. పూర్తిగా ఒక రోజు రాకపోతే ఆ గుంపులో ఒక కట్ట మిగిలిపోతుంది.

ఎర్రపెన్ను
మరి మార్కులు ఎక్కించేది ఎప్పుడు? నాలుగో రోజు కూడా దిద్దుడుకే ఇచ్చేశారుగా.

రిటైర్డ్_హెచ్ఎం
మంచి ప్రశ్న. ఏ పూట మార్కులు ఆ పూటే ఎక్కించాలి. నాలుగో రోజుకి కుప్ప పెట్టుకోకూడదు. దానికి ఆరుగురు కాక ఒక స్పెషల్ అసిస్టెంట్ కావాలి. మన ఫ్రెషర్ లాంటి కుర్ర టీచర్ ఎవరైనా సరే. వాళ్ల పని దిద్దడం కాదు. దిద్దిన ప్రతి పేపర్‌లో పేజీలు తిప్పి మార్కు పడని జవాబు ఉందా చూడటం, లోపలి మార్కులు మొదటి పేజీకి సరిగ్గా ఎక్కాయా చూడటం, మళ్లీ కూడటం. అంతా సరిపోయాకే కంప్యూటర్‌లో.

ఈ ఒక్క మనిషిని మిగుల్చుకుందామని చూస్తారు, వద్దు. 2019 ఇంటర్ ఫలితాలు గుర్తున్నాయా? తెలుగులో 99 రావాల్సిన అమ్మాయికి మెమోలో సున్నా వచ్చింది. పేపర్ బాగానే దిద్దారు, మార్కులు ఎక్కించే దగ్గర తొమ్మిదులు సున్నాలయ్యాయి.

జేఎల్_ఎకనామిక్స్
ఆ ఏడాది మా స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ అన్నం సరిగ్గా తినలేదు.

బీఈడీ_ఫ్రెషర్
నేను పోయిన నెల ఈ టోటలింగ్ పనే చేశాను. నాకు ఎక్కువ దొరికినవి కూడిక తప్పులు కావు. పిల్లాడు ఒక ప్రశ్నకి జవాబు సగం మూడో పేజీలో రాసి, మిగతా సగం చివర రాశాడు. సార్ మొదటి సగానికి మార్కు వేసి వెళ్లిపోయారు. ఇలాంటివే ఎక్కువ. ఇంకొకటి, పార్ట్-బి బిట్ పేపర్ ఊడిపోయి పక్క పేపర్‌లోకి వెళ్లింది. రెండు బిట్ పేపర్లున్న పేపర్ దొరికితే గానీ ఒక్కటీ లేని పేపర్ ఏదో తెలియలేదు.

చార్మినార్_సైన్స్
కోడ్ నంబర్ బిట్ పేపర్ మీద, మ్యాప్ మీద కూడా వెయ్యాలి. మెయిన్ పేపర్ మీద ఒక్కటే వేస్తే ఇంతే.

ఎర్రపెన్ను
ఈ మాటకు నేనూ ఒప్పుకుంటా. ఇంకో చిట్కా. కట్ట తీసుకోగానే 18 బిట్ పేపర్లూ ముందు వరసగా దిద్దేయండి. జవాబులు నోటికి వచ్చేస్తాయి, ఇరవై నిమిషాల్లో అయిపోతాయి. ఊడిపోయినవి కూడా అప్పుడే బయటపడతాయి. నా వేగం సగం అక్కడిదే.

జేఎల్_ఎకనామిక్స్
అలాగైతే మెయిన్ పేపర్ కూడా ప్రశ్నవారీగా దిద్దొచ్చు కదా. 18 పేపర్లలోనూ మొదటి ప్రశ్న, తర్వాత రెండోది. అందరికీ ఒకే కొలత పడుతుంది.

ఎర్రపెన్ను
సోషల్‌లో కుదరదు సార్. పిల్లలు వచ్చింది ముందు రాస్తారు. ఐదో ప్రశ్న ఏ పేజీలో ఉందో వెతకడానికే పొద్దు పోతుంది.

జేఎల్_ఎకనామిక్స్
వెతికినా సరే న్యాయం జరుగుతుందిగా.

రిటైర్డ్_హెచ్ఎం
మధ్యేమార్గం ఉంది. గొడవ పడిన ఆ రెండు పెద్ద ప్రశ్నలు మాత్రం వరసగా, మిగతావి పేపర్‌వారీగా. నాకు అది కుదిరింది, అందరికీ కుదరకపోవచ్చు.

చార్మినార్_సైన్స్
ఒక విషయం ఎవరూ అనలేదు. ప్రీఫైనల్స్ ఈమధ్య రంజాన్‌లోనే పడుతున్నాయి. మెహిదీపట్నం నుంచి వచ్చే మేడమ్ రోజా ఉంటే? నేను ఉపవాసంతో క్యాంప్ చేశాను. పొద్దున బాగానే ఉంటుంది, రెండు దాటాక కళ్లు లాగేస్తాయి. అందరూ తింటుంటే 45 నిమిషాలు ఖాళీగా కూర్చోబెట్టడం, తర్వాత ఐదింటి దాకా దిద్దమనడం రెండూ కష్టమే. ప్రభుత్వ ఆఫీసుల్లో రంజాన్ నెలలో ముస్లిం ఉద్యోగులను నాలుగింటికే పంపిస్తారు.

నాచారం_సోషల్
నిజంగానే ఆవిడ రోజా ఉంటారు. నాకు తట్టలేదు. కానీ రెండో కట్ట భోజనం తర్వాతే అన్నాం కదా, ఆవిడకొక్కరికి ముందే ఇస్తే మిగతావాళ్లు ఊరుకుంటారా?

చార్మినార్_సైన్స్
ఆవిడ భోజనానికి లేవరు, టీలకు లేవరు. ఆ 75 నిమిషాలు పని గంటలే అయ్యాయి. ఇంతమాత్రం అర్థం చేసుకోరా?

రిటైర్డ్_హెచ్ఎం
ఇవ్వండి. నియమం పెట్టింది పరుగు ఆపడానికి. ఆవిడ కట్టకు పట్టే నిమిషాలు అందరితో సమానంగా ఉంటే నియమం తప్పినట్టు కాదు. ఆ మాట మొదటి రోజే అందరి ముందు చెప్పండి, చెవిలో చెప్పకండి. నమాజుకు ఒక గది చూపించండి. మధ్యలో పది నిమిషాలు కళ్లు మూసుకొనే వీలు కూడా ఉండాలి.

తార్నాక_తెలుగు
కూకట్‌పల్లి ఆయన సంగతి కూడా చూడండి. అమీర్‌పేట్‌లో మెట్రో మారి ఉప్పల్ చేరాలి. తొమ్మిదిన్నర అంటే తొమ్మిదిన్నరకి సంతకం పెట్టడం ఆయనకు ఒక యుద్ధం. పోయినసారి మాకు ఒకాయన రోజూ 20 నిమిషాలు ఆలస్యంగా వచ్చి సాయంత్రం హడావిడిగా దిద్దేవాడు.

ఎక్సెల్_ఎల్లయ్య
క్యాంప్ ఉప్పల్‌లో పెట్టడమే ఉప్పల్ వాళ్ల కుట్ర.

నాచారం_సోషల్
పెద్ద హాలు, స్ట్రాంగ్‌రూమ్‌కి పనికొచ్చే ఇనుప తలుపు గది అక్కడే ఉన్నాయి. కుట్ర ఏం లేదు. హెచ్ఎం గారూ, చివరిగా ఒకటి. అలసిపోయి దిద్దుతున్నారో లేదో నాకెలా తెలుస్తుంది? వెనక నిలబడి చూస్తే కోప్పడతారు.

రిటైర్డ్_హెచ్ఎం
వెనక నిలబడకండి. కాగితం మీద కనబడుతుంది.

ప్రతి కట్ట తిరిగి రాగానే రెండు విషయాలు రాసుకోండి. ఏ టైముకి తీసుకొని ఏ టైముకి ఇచ్చారు, ఆ కట్ట సగటు మార్కు ఎంత. ఎల్లయ్య కలిపిన పద్ధతి వల్ల ఇక్కడ పెద్ద మేలు జరిగింది, ఆయన గమనించాడో లేదో. పోయినేడులా బ్రాంచ్ కట్టలైతే సగటు తక్కువ వస్తే పిల్లలు బలహీనమా, సార్ చెయ్యి గట్టిదా అన్నది తేలదు. ఇప్పుడు ఒక గుంపులో కట్టలన్నీ ఒకే పాళ్లలో ఉన్నాయి. కాబట్టి ఆ గుంపు దిద్దే ముగ్గురినీ ఒకరితో ఒకరిని పోల్చొచ్చు. ఒక్క కట్ట చూసి మాత్రం తీర్పు చెప్పకండి. 18 పేపర్లంటే చిన్న లెక్క, మూడు నాలుగు మార్కులు ఊరికే అటూ ఇటూ ఊగుతుంది. మూడు కట్టలయ్యాక కూడా ఒకరు ఐదారు మార్కులు కిందే ఉంటే అప్పుడు మాట్లాడండి. అలాగే ఒకే మనిషి పొద్దున సగటు, మధ్యాహ్నం సగటు పక్కపక్కన పెట్టి చూడండి.

ఇక మీరు మళ్లీ దిద్ది చూసేవి. కట్టకు రెండు పేపర్లు చాలు, కానీ పైన ఉన్న రెండు తీయకండి. అందరూ మొదటి పేపర్లు జాగ్రత్తగానే దిద్దుతారు. చివర దిద్దినవి రెండు తీయండి. వాటితో పాటు 25, 26, 27 వచ్చినవి అన్నీ. పాస్ 28 కదా. రోజుకు 12 కట్టలంటే 24 పేపర్లు, ఆ పాస్ గీత దగ్గరవి కొన్ని. మీకు నాలుగు గంటల పని. అందుకే మీకు విడిగా కట్ట ఇవ్వకూడదు.

ఎర్రపెన్ను
మరి ఒకరు రాకపోతే మిగిలే ఆ ఒక్క కట్ట?

రిటైర్డ్_హెచ్ఎం
అదే నాకూ తెగలేదు. ఆ ముగ్గురిలో మిగిలిన ఇద్దరికి తొమ్మిదేసి పంచితే చివరి రోజు ఆరున్నర అవుతుంది. అవతలి గుంపు వాళ్లకు ఇస్తే సొంత పేపర్లు చేతికొస్తాయి. నేనైతే అవతలి గుంపు వాళ్లకు ఇచ్చి ఆ కట్ట మొత్తం నేనే మళ్లీ చూస్తాను. మీ మేనేజ్‌మెంట్ ఒప్పుకుంటుందో లేదో.

నాచారం_సోషల్
క్యాంప్ అయ్యింది. ఏం జరిగిందో చెప్పాలి కదా.

మొదటి రోజు జిరాక్స్ పేపర్లలో మధ్యరకం దానికి 38 నుంచి 47 దాకా పడ్డాయి. హెచ్ఎం గారు చెప్పినట్టే పెద్ద ప్రశ్నల్లోనే. పొద్దున మొత్తం కొట్లాట. మధ్యాహ్నం కట్ట ఐదుంబావుకి అందరిదీ వచ్చేసింది. కూకట్‌పల్లి సార్‌ని మెట్రో కోసం పది గంటలకు రమ్మన్నా, ఐదున్నర దాకా ఉన్నారు, ఎవరూ ఏమీ అనలేదు. రోజా ఉన్న మేడమ్ సగటు పొద్దునా మధ్యాహ్నం దాదాపు ఒకటే. తేడా వచ్చింది ఇంకొకరికి, మధ్యాహ్నం కట్టల్లో వరసగా ఆరు మార్కులు ఎక్కువ. చివరి పేపర్లు తీసి చూస్తే చదవకుండా పేజీ నిండితే మార్కు వేసినట్టుంది. చెప్తే మొదట కోప్పడ్డారు, తర్వాత ఆ కట్టలు తనే మళ్లీ దిద్దారు. నాలుగో రోజు నాలుగున్నరకి 720 అప్పగించాం.

తెగనిది ఒకటి మిగిలింది. ఉప్పల్ పేపర్లు ఉన్న గుంపు దిద్దిన ముగ్గురికి రోజూ 20, 30 నిమిషాలు ఎక్కువ పట్టింది. కట్టలు గుంపు లోపల సమానమే, రెండు గుంపుల మధ్య కాదు. నాచారం మేడమ్ అడిగారు, "మాకెందుకు ఉప్పల్ రాసిపెట్టారు" అని.

ఎక్సెల్_ఎల్లయ్య
బరువు గుంపులో కట్టకు 17, తేలిక గుంపులో 19 పెడితే?

రిటైర్డ్_హెచ్ఎం
అప్పుడు 360ని 17తో భాగించి చూడు ఎల్లయ్యా. ఇరవై ఒకటి దాటి మూడు పేపర్లు మిగులుతాయి. ముగ్గురూ తలకు ఏడు దిద్దినా ఆ మూడు పేపర్లు బల్ల మీదే.

ఎర్రపెన్ను
ఆ మూడు పేపర్లు నాకివ్వండి. పద్దెనిమిది నిమిషాలు.

తార్నాక_తెలుగు
పోయినేడు మాట్లాడుకోవడం మానేసిన ఆ ఇద్దరు మేడమ్‌లు ఇప్పుడు మాట్లాడుకుంటున్నారా లేదా, అది చెప్పండి ముందు.

నాచారం_సోషల్
మాట్లాడుకుంటున్నారు. ఇద్దరూ కలిసి నన్ను తిడుతున్నారు.